డెమో డేలో రెండు నిమిషాలు: ఒక సమస్య, ఒక అంకె

డెమో డే అంటే ఇన్వెస్టర్లు ఒకే గదిలో కూర్చుని పది పదిహేను స్టార్టప్‌లను వరసగా వినే రోజు. 2005లో అమెరికాలో వై కాంబినేటర్ అనే సంస్థ మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు తిరుపతిలో కొత్త స్టార్టప్‌లకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ల దాకా వచ్చేసింది. వినేవాళ్లలో కొందరు పొద్దున్నే చెన్నై నుంచో బెంగళూరు నుంచో బయల్దేరి వచ్చినవాళ్లు. మధ్యాహ్నానికి వాళ్ల నోట్‌బుక్‌లో ఒక్కో స్టార్టప్‌కి మహా అయితే ఒక లైన్ ఉంటుంది. ఆ లైన్ ఏమై ఉండాలో మీరు ముందే తేల్చుకోవాలి. మీకు ఇచ్చే రెండు నిమిషాల పిచ్‌లో అంతకు మించి ఎవరి తలలోకీ ఏదీ ఎక్కించలేం.

ఆ లైన్‌లో పట్టేవి రెండే: ఒక సమస్య, ఒక అంకె. వీటిని ఎలా ఎంచుకోవాలో, ఎలా చెప్పాలో ఒక ఉదాహరణతో చూద్దాం. చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కోసం పనిచేసే ఒక చిన్న జట్టు ఉందనుకుందాం. జట్టు ఊహించుకున్నది, దాని అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. కాయ ధర మాత్రం నిజమైనదే. 2025 సీజన్‌లో గుజ్జు తీసే తోతాపురి రకానికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయించారు. మనం ఆ 8 రూపాయలే తీసుకుందాం.

సమస్యను ఒక చోటుకి, ఒక గంటకి తెచ్చుకోండి

"మామిడి రైతుల కష్టాలు" అంటే పిచ్‌కి పనికొచ్చే సమస్య కాదు. అందులో ధర పడిపోవడం ఉంది, వ్యాపారులు కాయ కొనే ర్యాంపుల్లో డబ్బులో కోతలు ఉన్నాయి, అమ్ముడుపోని గుజ్జు నిల్వలు ఉన్నాయి, ఫ్యాక్టరీ గేటు బయట రోజుల తరబడి నిలబడే ట్రాక్టర్లు ఉన్నాయి. ఇవన్నీ నిజమే, అన్నీ మీకు తెలిసే ఉంటాయి. అన్నీ చెప్పాలన్న కోరిక కూడా ఉంటుంది, ముఖ్యంగా ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి. ఆ కోరికే రెండు నిమిషాలనూ తినేస్తుంది.

ఎంచుకున్న సమస్య సరైనదో కాదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇది. ఆ సమస్యను ఫోన్‌తో ఫొటో తీయగలరా? ధర పడిపోవడాన్ని ఫొటో తీయలేం. జూన్ నెల మధ్యాహ్నం గేటు బయట టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ ట్రాక్టర్‌ని తీయగలం. దాని కింద పొరలో కాయ వేడెక్కి మెత్తబడుతోంది, డ్రైవర్ నీడ వెతుక్కుంటున్నాడు. చెన్నై నుంచి వచ్చిన మనిషికి తోతాపురి సంగతులేవీ తెలియకపోయినా ఈ బొమ్మ అర్థమవుతుంది. మన జట్టు ఈ సమస్యనే తీసుకుంది: కోసిన కాయ కాటా ఎక్కేదాకా ఆగిపోవడం. ఏ గంటకి కాయ తేవాలో కోతకి ముందే రైతుకి చెప్పడం వాళ్ల ఉపాయం.

అంకె ఎవరి పద్దులోంచి రావాలి

ఈ గైడ్‌లో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే. పిచ్‌లు ఎక్కువగా ఇక్కడే దారి తప్పుతాయి.

ఆగిపోవడమే సమస్య అనుకోగానే గంటలు అంకెగా తోస్తాయి. "సగం బండ్లు 18 గంటలకు పైగా ఆగుతున్నాయి." వినడానికి బాగుంది, ఫొటోకి సరిపోయింది. కానీ ముందు వరసలో కూర్చున్న మనిషి మనసులో వెంటనే ఒక ప్రశ్న లేస్తుంది: ఆ 18 గంటలు ఎవరివి? రైతువి, డ్రైవర్‌వి. మరి మీకు డబ్బు కట్టేదెవరు? ఫ్యాక్టరీ. కాయ విరగకాసిన ఏడాది గేటు బయట బండ్లు బారులు తీరితే ఫ్యాక్టరీకి పోయేదేముంది? సరుకు కొరత ఉండదు, బేరం తన చేతిలోనే ఉంటుంది. బాధ ఒకరిది, జేబు ఇంకొకరిది. అలాంటప్పుడు బాధపడేవాడి అంకె ఎంత పెద్దదైనా ఇన్వెస్టర్‌ని కదిలించదు. జాలి పడతాడు, చెక్కు రాయడు.

అందుకే అంకెను డబ్బు కట్టేవాడి పద్దులో వెతకాలి. ఫ్యాక్టరీ కాయను కాటా మీద తూచి కొంటుంది, కొన్ని రోజులు మాగబెడుతుంది, తర్వాత బెల్టు మీద ఏరుతుంది. ఏరినప్పుడు కుళ్లినదాన్నీ నల్లబడినదాన్నీ పక్కకి తోసేస్తారు. ఆ పక్కకి పోయిన ప్రతి కిలోకీ ఫ్యాక్టరీ అప్పటికే డబ్బు లెక్కగట్టింది. గేటు బయట ఎండలో నలిగిన కాయ తన నష్టాన్ని బయటపెట్టేది ఇక్కడే. కాబట్టి అంకె గంటలు కాదు, "కొన్న ప్రతి 100 కిలోల్లో పారేసే కిలోలు". మన జట్టు లెక్కలో, ఇప్పటి పద్ధతిలో ఆగి వచ్చిన లోడ్లలో అది 9. ఆరు గంటల లోపే కాటా ఎక్కిన లోడ్లలో 4.

సమస్య రైతు వైపు నుంచి చెప్తున్నాం, అంకె ఫ్యాక్టరీ వైపు నుంచి ఇస్తున్నాం. ఈ రెండింటినీ కలిపే కారణం ఒక్క వాక్యంలో చెప్పగలగాలి: ఆగిన కాయే పాడవుతోంది. ఆ వాక్యం కుదరకపోతే మీ సమస్యా అంకే వేర్వేరు పిచ్‌లకు చెందినవని అర్థం.

మార్కెట్ మొత్తం ఇన్ని వేల కోట్లు అనే అంకె గురించి ఒక్క ముక్క. అది మీది కాదు, ఎవరైనా చెప్పగలరు. అదే గదిలో మామిడి మీద ఇంకో జట్టు ఉంటే వాళ్లూ అదే చెప్తారు.

అంకెను మీరే తూచండి

ఎక్కడో చదివిన అంకెకీ చేత్తో తూచిన అంకెకీ తేడా మొదటి ప్రశ్నలోనే తేలిపోతుంది. మన జట్టు తూచిన పద్ధతి చూడండి.

బండి గేటు దగ్గరికి రాగానే డ్రైవర్ చేత ఒక ఫొటో తీయిస్తారు. ఫోన్‌లో టైమ్ దానంతటదే పడుతుంది. కాటా చీటీ మీద తూకంతో పాటు తేదీ, టైమ్ అచ్చవుతాయి. ఈ రెండింటి మధ్య తేడానే ఆగిన సమయం. ఇక్కడిదాకా సులువే. కష్టమంతా తర్వాతే ఉంది. దించిన కాయ మాగడానికి పోసేటప్పుడు ఒక లోడు ఇంకో లోడులో కలిసిపోతుంది. కలిస్తే ఏ లోడు ఎంత పాడైందో ఎవరూ చెప్పలేరు. అందుకే తూచాలనుకున్న లోడును క్రేట్లలోకి దింపించి, ఆ క్రేట్ల మీద సుద్దముక్కతో లోడు నంబరు రాసి విడిగా పెట్టించాలి. ఏరే రోజు బెల్టు పక్కన నిలబడి, ఆ నంబరు లోడులో పారేసిన క్రేట్లను మాత్రం తూచాలి. దీనికి యార్డు సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకోవాలంటే మీరు అడ్డం రారన్న నమ్మకం కుదరాలి. యాప్ రాసినంత తేలిక కాదు.

మొత్తం 60 లోడ్లు అనుకుందాం: 30 పాత పద్ధతిలో వచ్చినవి, 30 జట్టు చెప్పిన గంటకి వచ్చినవి. రెండు రకాలనూ అవే రోజుల్లో తూచాలి. ఒక రకాన్ని జూన్ మొదట్లో, ఇంకొక రకాన్ని వానలు పడ్డాక తూస్తే, తేడా మీ వల్ల వచ్చిందో వాన వల్ల వచ్చిందో తెలియదు. మంచి తోటల లోడ్లను మీ వైపు వేసుకోకూడదు, వచ్చిన వరసలోనే తీసుకోవాలి. అన్నీ తూచాక ఒక్కో రకాన్ని విడిగా చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి, 30లో 15, 16వ లోడ్లకు సరిగ్గా మధ్యలో పడే అంకెను పట్టుకోండి. సగటు తీస్తే, పూర్తిగా కుళ్లిపోయి వచ్చిన ఒకటి రెండు లోడ్లు మొత్తం లెక్కను పైకి లాగేస్తాయి. సగటు వేరుగా, మధ్యది వేరుగా వస్తే పిచ్‌లో మధ్యదే చెప్పండి.

ఇంకా ఏ ప్రయోగమూ చేయలేదు, సమస్యను తూచడం వరకే అయిందంటే 9 ఒక్కటే చెప్పండి. 4 అవుతుందని మీరు అనుకుంటున్నారంటే "అనుకుంటున్నాం" అనే మాట వాక్యంలో ఉండి తీరాలి.

స్టేజీ ఎక్కక ముందే గుణించి చూడండి

100 కిలోలకు 5 కిలోలు మిగిలితే టన్నుకు 50 కిలోలు. కిలో 8 రూపాయల లెక్కన 400 రూపాయలు. ఫ్యాక్టరీకి టన్నుకు 400 మిగిలిస్తున్నాం, అందులో మనకి 40 ఇవ్వమంటే కాదనరు అనిపిస్తుంది.

ఇన్వెస్టర్ అక్కడ ఆగడు. రోజుకు 100 టన్నులు, 45 రోజుల సీజన్, టన్నుకు 40 రూపాయలు అని మనసులోనే గుణిస్తాడు. ఒక ఫ్యాక్టరీ నుంచి సీజన్ మొత్తానికి వచ్చేది 1,80,000 రూపాయలు. గేటు దగ్గర పెట్టే ఇద్దరి జీతాలు, మిగతా ఖర్చులు పోతే చేతికి మిగిలేది కొంచెమే. ఈ గుణింతం మీరు చేయకుండా స్టేజీ ఎక్కితే ఆయన మీ ఎదుటే చేస్తాడు. అదే 100 రూపాయలు అడిగితే, అంటే మిగిలినదాంట్లో పావు వంతు అడిగితే, ఒక్కో ఫ్యాక్టరీకి 4,50,000 వస్తుంది. మిగతా 300 ఫ్యాక్టరీదే కాబట్టి బేరం ఇప్పటికీ న్యాయంగానే ఉంది. మన జట్టు 100కే వెళ్తుంది.

గుణించాక కూడా అంకె చిన్నదిగానే కనిపిస్తే దాచకండి. ఇంత చిన్న వ్యాపారానికి పెద్ద ఫండ్లు రావు, సొంత డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్లు రావచ్చు. ఆ గదిలో ఎవరికి చెప్తున్నారో మీకు స్పష్టంగా ఉండాలి.

మాటలు, గడియారం

తెలుగు మాటలు పొడవైనవి. గుక్క తిప్పుకోకుండా చదివితే తప్ప రెండు నిమిషాల్లో 200 మాటలు దాటవు. నేనైతే 160 దగ్గర ఆపేయమంటాను, ఎందుకంటే అంకె చెప్పాక ఆగడానికి సమయం కావాలి. వినేవాళ్లలో తెలుగు రానివాళ్లు ఉంటే ఇంగ్లీషులోనే చెప్పాల్సి వస్తుంది. అప్పుడు కూడా ముందు తెలుగులో రాసుకుని, మీ అమ్మకో మామయ్యకో అర్థమయ్యాక ఇంగ్లీషులోకి తెచ్చుకోండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే ఎక్కడో విన్న మాటలు వచ్చి చేరతాయి.

మన జట్టు పిచ్ పూర్తిగా ఇది:

"చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీ గేటు. జూన్ నెల. పొద్దున కోసిన తోతాపురి కాయ మధ్యాహ్నానికి గేటు దగ్గరికి వస్తుంది. కాటా ఎక్కేసరికి మర్నాడు సాయంత్రం అవుతుంది. అంతసేపూ టార్పాలిన్ కింద, ఎండలో.

ఆగిన కాయ పాడవుతుంది. ఆ నష్టం ఫ్యాక్టరీదే. డబ్బు కట్టి కొన్న ప్రతి 100 కిలోల్లో 9 కిలోలు ఏరి పారేస్తోంది.

తొమ్మిది కిలోలు.

మేం ఆ 9ని 4 చేశాం. ఫ్యాక్టరీ ఏ గంటకి ఎన్ని టన్నులు దించుకోగలదో చూసి, రైతు కోత మొదలుపెట్టక ముందే ఏ గంటకి రావాలో ఆయన ఫోన్‌కి పంపిస్తాం. ఆ గంటకి వస్తే ఆరు గంటల లోపే కాటా. పోయిన సీజన్‌లో 60 లోడ్లు తూచాం. సగం పాత పద్ధతిలో, సగం మా పద్ధతిలో. 9 అక్కడ, 4 ఇక్కడ.

దీనివల్ల ఫ్యాక్టరీకి టన్నుకు 400 రూపాయలు మిగులుతుంది. అందులో మేం 100 తీసుకుంటాం.

మేం ముగ్గురం. ఒకరు ఇలాంటి ఫ్యాక్టరీలోనే కాయ కొనుగోళ్లు చూసినవారు, ఇద్దరం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం.

ఇప్పటికి ఇది ఒకే ఫ్యాక్టరీ, ఒకే సీజన్. వచ్చే జూన్‌లో నాలుగు ఫ్యాక్టరీల్లో 9ని 4 చేయగలమో లేదో తేల్చడానికి 25 లక్షలు అడుగుతున్నాం."

ఒక్క అంకె అన్నాను, ఇందులో చాలా ఉన్నాయి కదా అంటారేమో. 400, 100, 60, 25 లక్షలు అన్నీ ఉన్నాయి, కానీ అవన్నీ 9కి పనిచేస్తున్నాయి. 60 అది నమ్మదగినదని చెప్తుంది, 400 దాని విలువ చెప్తుంది, 25 లక్షలు దాన్ని ఇంకోసారి నిరూపించడానికి. 9తో సంబంధం లేని అంకె ఒక్కటి చేరినా, ఉదాహరణకి "మా యాప్‌కి 2,000 డౌన్‌లోడ్లు", వినేవాడి నోట్‌బుక్‌లో ఏ అంకె పడుతుందో మీ చేతిలో ఉండదు.

9 మొదటిసారి వచ్చేసరికి గడియారంలో 40 సెకన్లు దాటకూడదు. దాటితే ముందు భాగం సాగిందన్నమాట, బొమ్మను కోసేయండి. "తొమ్మిది కిలోలు" అన్నాక మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని అప్పుడు కదలండి. స్టేజీ మీద ఆ రెండు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, కింద కూర్చున్నవాళ్లకి అది పెన్ను తీసేంత సమయం మాత్రమే. తర్వాత అదే అంకె ప్రయోగం చెప్పేటప్పుడు ఇంకోసారి, డబ్బు అడిగేటప్పుడు మరోసారి రావాలి.

"నష్టం 5 శాతం తగ్గించాం" అని మాత్రం అనకండి. 9 నుంచి 4కి రావడం అంటే ఉన్న నష్టంలో సగానికి పైగా తగ్గడం. 5 శాతం అంటే కొందరు 9లో 5 శాతమే అనుకుంటారు, అది అర కిలో కూడా కాదు. "9 ఉండేది, 4 అయింది" అంటే అందరికీ ఒకటే అర్థం.

చివర అడిగే డబ్బు దగ్గర చాలామంది నసుగుతారు. మొత్తం చెప్పండి, ఆ డబ్బుతో ఏ తేదీకి ఏది తేలుతుందో చెప్పండి, ఆపేయండి. కంపెనీ విలువ ఎంత, ఎంత వాటా అన్నది తర్వాత ఇన్వెస్టర్లు మీ బల్ల దగ్గరికి వచ్చినప్పుడు మాట్లాడుకునే విషయం. మీ ఇంక్యుబేటర్ ద్వారా ప్రయోగ దశకి ఏదైనా గ్రాంటు వచ్చే వీలు ఉండొచ్చు. దానికి అప్లై చేసి ఉంటే ఆ సంగతి బల్ల దగ్గర చెప్పడానికి గుర్తుపెట్టుకోండి. పిచ్‌లో దానికి చోటు లేదు.

స్లైడ్లు

మూడు చాలు. మొదటిది గేటు దగ్గర ట్రాక్టర్ ఫొటో, అక్షరం కూడా లేకుండా. ఫ్యాక్టరీ బోర్డు, బండి నంబరు కనిపించకుండా చూసుకోండి. రెండోది తెల్లటి స్లైడ్ మీద 9, పక్కన 4, కింద "100 కిలోలకు పారేసే కిలోలు" అన్న ఒక్క లైన్. మూడోది అడిగే మొత్తం, మీ ఫోన్ నంబరు. వీడియో పెట్టకండి. హాలు ల్యాప్‌టాప్‌లో శబ్దం రాకపోతే 20 సెకన్లు అక్కడే పోతాయి.

రిహార్సల్

ఫోన్‌లో రికార్డు చేసి 1 నిమిషం 50 సెకన్లకు దించండి. మైకు సర్దుకోవడానికీ క్లిక్కర్ ఒకసారి పనిచేయకపోవడానికీ మిగతా పది సెకన్లు. తర్వాత అసలు పరీక్ష. ఈ రంగంతో సంబంధం లేని మనిషికి ఒకసారి చెప్పండి, వేరే కబుర్లలో పడండి, టీ తాగండి. లేచేటప్పుడు "ఇందాక నేనేం చెప్పాను?" అని అడగండి. "మామిడికాయలు పారేస్తున్నారు, తొమ్మిదో ఎంతో" అంటే పిచ్ పనిచేస్తోంది. "ఏదో యాప్ కదా" అంటే సమస్య మునిగిపోయింది. "400 రూపాయలు" అంటే 9 చెప్పిన చోట మీరు ఆగలేదు, లేదా 400 చెప్పేటప్పుడు గొంతు పెంచారు.

ప్రశ్నలు

పిచ్ అయ్యాక రెండు మూడు ప్రశ్నలకు సమయం ఇస్తారు. అంకె గురించి అడిగే ప్రశ్నలకు జట్టులో ఒక్కరే జవాబు చెప్పాలి. స్టేజీ మీద ఒకరు 9 అని, ఇంకొకరు "సుమారు 8, 10 మధ్య" అంటే పిచ్ అంతా అక్కడే కారిపోతుంది. మన జట్టుకి తప్పకుండా వచ్చేవి మూడు.

మొదటిది: "ఫ్యాక్టరీలు ఇప్పటికే టోకెన్లు ఇస్తున్నాయి కదా?" ఇస్తున్నాయి. టోకెన్ వరసలో బండి స్థానం చెప్తుంది, ఎన్ని గంటలకి దించుకుంటారో చెప్పదు. పైగా అది చేతికొచ్చేసరికి చాలాసార్లు కాయ కోసేసి ఉంటుంది. మన తేడా కోతకి ముందే గంట చెప్పడం.

రెండోది: "రైతు మీరు చెప్పిన గంటకే ఎందుకు కోస్తాడు?" దీనికి ఈ జిల్లాలోనే మంచి జవాబుంది. చెరకు రైతులు మిల్లు ఇచ్చే కటింగ్ ఆర్డర్ చూసుకునే కోసేవాళ్లు. ఆర్డర్ లేకుండా కోస్తే మిల్లు దగ్గర ఎండిపోతుందని వాళ్లకి తెలుసు. కొత్త అలవాటు నేర్పడం లేదు, చెరకులో ఉన్నదాన్ని మామిడికి తెస్తున్నాం. అయితే చెప్పిన గంటకి వచ్చిన బండిని ఫ్యాక్టరీ నిజంగా దించుకోవాలి. ఒకసారి మాట తప్పితే ఆ ఊరు మొత్తం మళ్లీ పాత పద్ధతికే వెళ్తుంది. ఈ బలహీనతను మీరే చెప్పేయండి, ప్రయోగంలో ఎన్ని లోడ్లకి అలా జరిగిందో కూడా చెప్పండి.

మూడోది: "నెలన్నరే సీజన్, మిగతా ఏడాది?" ఇక్కడి ఫ్యాక్టరీల్లో కొన్ని జామ, బొప్పాయి, టమోటా కూడా ఆడతాయి.  కానీ వాటిలో పారేసే కాయ ఎంతో మన జట్టు తూచలేదు. కాబట్టి సరైన జవాబు: "ఇంకా తూచలేదు. నాలుగు ఫ్యాక్టరీల ఒప్పందంలో వాళ్ల జామ సీజన్ కూడా అడుగుతున్నాం." అప్పటికప్పుడు జామకి ఒక అంకె కల్పించి చెప్తే, 9 కూడా అలాగే పుట్టిందేమో అన్న అనుమానం వస్తుంది.

బల్ల దగ్గరికి వచ్చినవాళ్లకి బ్రోచర్ ఇవ్వకండి. 60 లోడ్లూ వరసగా రాసిన ఒక్క కాగితం ఇవ్వండి: లోడు నంబరు, గేటు టైమ్, కాటా టైమ్, కొన్న కిలోలు, పారేసిన కిలోలు. రైతుల పేర్లు, బండి నంబర్లు తీసేయండి. జట్టు పద్ధతిలో వచ్చినా 8 కిలోలు పోయిన లోడ్లు రెండు ఉంటే వాటినీ ఉంచి, పక్కన కారణం రాయండి. ఆ వారంలోపు ఎవరైనా ఫోన్ చేసి ఆ రెండు లోడ్ల గురించి అడిగితే, ఆయన కాగితం చివరిదాకా చదివాడన్నమాట. ముందు ఆయనకి టైమ్ ఇవ్వండి, వీలైతే ఫ్యాక్టరీ యార్డులోనే.